సవరణ: పాత సిలికాన్ మీద కొత్తది

"సింక్ చుట్టూ నల్లబడ్డ సిలికాన్ మీదే అక్రిలిక్ సీలెంట్ ఒక వరస లాగేయండి, చాలు" అని మొన్న రాశాను.

అది తప్పు. ట్యూబుల మీది సూచనలు చదివితే తెలిసింది: ఆరిన సిలికాన్‌కి అక్రిలిక్కే కాదు, కొత్త సిలికాన్ కూడా సరిగా అంటుకోదు. పైగా నీళ్లు నిలిచేచోట అక్రిలిక్ మెత్తబడి ఊడొస్తుంది. దాన్ని గోడ పగుళ్లకి వాడుకోండి, పెయింటూ పడుతుంది. సింక్‌కి బూజు పట్టని శానిటరీ సిలికానే.

పాతదాన్ని రెండు అంచులా బ్లేడుతో కోసి, పట్టీలా లాగేయండి. అసలు చిక్కు తర్వాత మిగిలే సన్నటి పొరతోనే. వేలితో రుద్దితే రబ్బరులా తగులుతుంది, సెల్లోటేపు అక్కడ అంటదు. ప్లాస్టిక్ స్క్రాపర్‌తో గీకి, బూజు మరకకి బ్లీచ్ పెట్టి బాగా కడగండి. రాత్రంతా ఆరాక స్పిరిట్‌తో తుడిచి అప్పుడు కొత్తది వేయండి. 24 గంటలు నీళ్లు తగలనివ్వద్దు.