మద్యానికి ‘హాఫ్ లైఫ్’ లెక్క పనికిరాదు

“అన్ని మందుల్లాగే మద్యానికీ హాఫ్ లైఫ్ ఉంటుంది, అది నాలుగు గంటలు. రాత్రి ఎంత తాగినా నాలుగు గంటలకు సగం, ఎనిమిది గంటలకు పావు వంతే మిగులుతుంది. రెట్టింపు తాగితే ఇంకో నాలుగు గంటలు ఆగితే చాలు. బ్లాక్ కాఫీ, నిమ్మరసం తాగి చన్నీళ్ల స్నానం చేస్తే ఇంకా త్వరగా దిగుతుంది. తల తేలిగ్గా ఉంటే బండి తీయొచ్చు.”

పైన ఇచ్చింది మద్యం గురించి చాలామంది నమ్మే ఒక సందేశం. దాని మొదటి వాక్యంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే తక్కిన తప్పులు చాలావరకు దాని నుంచే పుట్టాయి. మనం మామూలుగా వాడే మందుల్లో ఎక్కువ భాగం శరీరం నుంచి ప్రథమ క్రమాంక పద్ధతిలో పోతాయి. అడుగున చిల్లు పడిన కుండను తలచుకుంటే ఆ పద్ధతి అర్థమవుతుంది. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు ధార జోరుగా ఉంటుంది, మట్టం తగ్గేకొద్దీ ధార సన్నబడుతుంది. అలాంటి మందు ఎంత ఉందో దానిలో ఒక స్థిరమైన వంతు చొప్పున పోతుంది కనుక, ఎక్కడ మొదలుపెట్టినా సగం కావడానికి పట్టే సమయం, అంటే హాఫ్ లైఫ్, మారదు. పారాసిటమాల్ మామూలు మోతాదులో వేసుకున్నప్పుడు రెండు మూడు గంటలకు సగమవుతుందని చెప్పగలగడం అందువల్లే. అయితే ఇది అన్ని మందులకూ వర్తించే సూత్రం కాదు. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ విషయంలో, చికిత్సకు అవసరమైన మోతాదులోనే దాన్ని విరగ్గొట్టే ఎంజైము తాను చేయగల పని హద్దుకు దాదాపు చేరిపోతుంది. అందుకే రోజుకు 300 మిల్లీగ్రాముల నుంచి 400కు పెంచితే రక్తంలో మందు మూడో వంతు పెరిగి ఆగదు, చాలామందిలో అంతకు ఎన్నో రెట్లు ఎగబాకుతుంది.

మద్యం ఫెనిటాయిన్ కంటే కూడా ముందే ఆ హద్దుకు చేరుతుంది. కాలేయంలో దాన్ని మార్చే ముఖ్యమైన ఎంజైము ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్. ఒకటి రెండు పెగ్గులకే ఈ ఎంజైముకు చేతినిండా పని పడుతుంది. దానికి తోడు, ఆ పనికి కావలసిన ఎన్‌ఏడీ అనే సహాయక అణువును కాలేయం తిరిగి తయారు చేసుకునే వేగానికి కూడా ఒక పరిమితి ఉంది. ఇక్కడ చిల్లు కుండ పోలిక చెల్లదు, పిండిమర పోలిక సరిపోతుంది. మర ముందు రెండు బస్తాలున్నా ఇరవై బస్తాలున్నా గంటకు మర ఆడే ధాన్యం ఒకటే. వరుస పెరిగితే ఆగవలసిన సమయం పెరుగుతుంది కానీ మర వేగం పెరగదు. రసాయన శాస్త్రంలో దీన్నే శూన్య క్రమాంక చర్య అంటారు. పోయే వేగం, ఉన్న పరిమాణం మీద ఆధారపడదని దాని అర్థం. ఊపిరి, మూత్రం, చెమట దారిన కొద్ది శాతం మార్పు లేకుండానే బయటికి పోతుంది గాని, లెక్కను శాసించేది కాలేయమే.

‘నాలుగు గంటలకు సగం, ఎనిమిదికి పావు’ అన్న మాటను అంకెలతోనే పరీక్షిద్దాం. మామూలు విస్కీ క్వార్టర్ సీసా చీటీ మీద 180 మిల్లీలీటర్లు, 42.8 శాతం అని ఉంటుంది. ఆ శాతం ఘనపరిమాణానికి సంబంధించినది కనుక, సీసాలో 77 మిల్లీలీటర్ల శుద్ధ మద్యం ఉన్నట్టు లెక్క. మద్యం నీటికంటే తేలిక, మిల్లీలీటరు బరువు 0.789 గ్రాములే. 77ను దానితో గుణిస్తే సుమారు 61 గ్రాములు వస్తుంది. ఈ గుణకారాన్ని మరిచి 77 గ్రాములనే తీసుకోవడం నేను తరచుగా చూసే పొరపాటు. అలా చేస్తే సమాధానం నాలుగో వంతుకు పైగా పెరిగిపోతుంది.

ఆ 61 గ్రాములు ఒక్క రక్తంలోనే ఉండవు, ఒంట్లో నీరున్న చోటల్లా పరచుకుంటాయి, కొవ్వులోకి మాత్రం పెద్దగా వెళ్లవు. స్వీడన్ శాస్త్రవేత్త ఎరిక్ విడ్మార్క్ 1932లో ప్రచురించిన పద్ధతి ప్రకారం, సగటున మగవారి బరువులో 0.68 వంతు, ఆడవారి బరువులో 0.55 వంతు ఇందుకు లెక్కలోకి వస్తుంది. 70 కిలోల మగమనిషికి అది 47.6 కిలోలు. 61ను 47.6తో భాగిస్తే కిలోకు 1.28 గ్రాములు, అంటే రక్తంలో 100 మిల్లీలీటర్లకు ఉజ్జాయింపుగా 128 మిల్లీగ్రాములు. తాగుతుండగానే కాలేయం పని మొదలుపెడుతుంది కనుక రక్తం నిజంగా ఆ అంకెను తాకదు. అది లెక్క మొదలుపెట్టడానికి ఊహించుకున్న అంకె, గడియారాన్ని మొదటి గుక్క దగ్గర నుంచి నడపడానికే దాన్ని వాడతాం. ఆఖరి గుక్క దగ్గర నుంచి లెక్కపెడితే ఈ సూత్రం సరైన జవాబు ఇవ్వదు.

ఇక తగ్గే వేగం సగటున గంటకు 100 మిల్లీలీటర్లకు 15 మిల్లీగ్రాములు. ఈ మనిషి ఒంట్లో అది గంటకు 7.1 గ్రాముల మద్యంతో సమానం. కనుక పూర్తిగా పోవడానికి పట్టే సమయం ఇలా వస్తుంది:

```
t = A / (β × r × W)
t = 61 / (0.15 × 0.68 × 70) ≈ 8.5
```

ఇందులో A గ్రాముల్లో మద్యం, β లీటరుకు గంటకు గ్రాముల్లో తగ్గే వేగం (100 మిల్లీలీటర్లకు 15 మిల్లీగ్రాములంటే లీటరుకు 0.15 గ్రాములు), W కిలోల్లో బరువు, r ఇందాక చెప్పిన వంతు, t గంటలు. మొత్తం పోయేదాకా కాకుండా ఏదో ఒక మట్టానికి దిగడానికి ఎంతసేపు పడుతుందో కావాలంటే, మొదటి అంకె నుంచి ఆ మట్టాన్ని తీసివేసి 15తో భాగిస్తే చాలు. మన మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములు. 128 నుంచి 30 తీసేస్తే 98, దాన్ని 15తో భాగిస్తే ఆరున్నర గంటలు.

ఇప్పుడు ఇదే మనిషి విషయంలో సగమయ్యే సమయాలు చూడండి. 128 నుంచి 64కు రావడానికి 4 గంటల 16 నిమిషాలు పడుతుంది, 64 నుంచి 32కు రావడానికి అందులో సగం, అంటే 2 గంటల 8 నిమిషాలు చాలు. ‘హాఫ్ లైఫ్’ ప్రతిసారీ మారిపోతోందంటే అక్కడ స్థిరమైన హాఫ్ లైఫ్ లేదనే అర్థం. నాలుగు గంటలన్న అంకె ఎక్కడ నుంచి వచ్చి ఉంటుందో కూడా ఇక్కడే ఊహించవచ్చు. క్వార్టర్ తాగిన సగటు మనిషికి మొదటి సగం దాదాపు నాలుగు గంటల్లోనే పోతుంది, ఆ ఒక్క సందర్భాన్ని పట్టుకుని అందరికీ అంటగట్టి ఉంటారు. న్యాయంగా చెప్పాలంటే, ఈ సగటు మనిషికి క్వార్టర్ వరకు ఆ తప్పు లెక్క వల్ల హాని లేదు. దాని ప్రకారం 30కి దిగడానికి సుమారు 8 గంటల 20 నిమిషాలు కావాలి, నిజానికి పట్టేది ఆరున్నర. ఇక్కడ తప్పు జాగ్రత్త వైపే పడింది.

అసలు ప్రమాదమంతా ‘రెట్టింపు తాగితే ఇంకో నాలుగు గంటలు’ అన్న మూడో మాటలో ఉంది. అదే మనిషి రాత్రి 9 గంటలకు మొదలుపెట్టి హాఫ్ బాటిల్, అంటే 360 మిల్లీలీటర్లు తాగాడనుకుందాం. లెక్క 256 దగ్గర మొదలవుతుంది. ఎనిమిది గంటలు గడిచి, ఉదయం 5 అయ్యేసరికి ఆ సందేశం ప్రకారం 64 ఉండాలి. నిజానికి ఎనిమిది పదిహేనులు 120 మాత్రమే తగ్గి, ఇంకా 136 మిగిలి ఉంటుంది. పావు వంతు మిగలాల్సిన చోట సగం కంటే ఎక్కువ మిగిలింది. 30కి దిగడానికి ఆ సందేశం చెప్పే సమయం పన్నెండున్నర గంటల లోపు, అంటే ఉదయం తొమ్మిదిన్నరకు ముందే. పిండిమర లెక్కలో 226ను 15తో భాగిస్తే 15 గంటలు, అంటే మర్నాడు మధ్యాహ్నం 12. ఆ తొమ్మిదిన్నరకే ఆఫీసుకు బండి తీసిన మనిషి రక్తంలో అప్పటికి 68కి పైగా ఉంటుంది, చట్టం హద్దుకు అది రెట్టింపు కంటే ఎక్కువ. శూన్య క్రమాంకంలో రెట్టింపు పరిమాణానికి, మొత్తం పోయే సమయం కూడా రెట్టింపు అవుతుంది. ఎనిమిదిన్నర కాస్తా పదిహేడవుతుంది.

గ్రాఫు కాగితం మీద గంటలను అడ్డంగా, అంకెలను నిలువుగా పెట్టి 256, 241, 226, 211 అని చుక్కలు పెట్టుకుంటూ వెళితే వచ్చేది ఏటవాలు సరళరేఖ. హాఫ్ లైఫ్ లెక్కతో గీస్తే మొదట నిట్టనిలువుగా దిగి తర్వాత చదునయ్యే వంపు వస్తుంది. ఏది ఏ పద్ధతో తేల్చుకోవడానికి రెండు కొలతలు సరిపోవు, ఎందుకంటే రెండు చుక్కల మీదుగా రెండు గీతలూ వెళ్లగలవు. గంట తేడాతో మూడు కొలతలు తీసుకుని, రెండు తేడాలూ సమానమో కాదో చూడాలి. సరళరేఖ కూడా చివరిదాకా సాగదు. 10–20 మిల్లీగ్రాముల కిందికి దిగాక ఎంజైముకు ఖాళీ దొరుకుతుంది, అక్కడి నుంచి అది చిల్లు కుండలా ప్రవర్తిస్తుంది. అందుకే ‘పూర్తిగా సున్నా’ అన్న సమయం కంటే, ‘30కి దిగే సమయం’ అన్నదే ఈ లెక్కలో ఎక్కువ నమ్మదగినది.

కాఫీ, నిమ్మరసం, చన్నీళ్ల సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. కాఫీ నిద్రమత్తును కొంత తగ్గిస్తుంది, చన్నీళ్లు ఒళ్లు జల్లుమనిపిస్తాయి, కానీ ఈ మూడింట్లో ఏదీ కాలేయంలోని ఎంజైమును తొందరపెట్టదు. అన్నం తిని తాగితే రక్తంలోకి మద్యం నెమ్మదిగా ఎక్కి శిఖరం తగ్గడం మాత్రం నిజం. తాగేశాక, రక్తంలోకి ఎక్కేశాక తింటే ఆ లాభం ఉండదు.

‘తల తేలిగ్గా ఉంటే’ అన్న చివరి మాట ఇక్కడ కొలబద్ద కాజాలదు. ఒకే 100 మిల్లీగ్రాముల మట్టం, మత్తు ఎక్కుతున్నప్పుడు ఒకలా, దిగుతున్నప్పుడు ఒకలా అనిపిస్తుంది. మెదడు కొన్ని గంటల్లోనే దానికి అలవాటు పడుతుంది కనుక, దిగేటప్పుడు మనిషికి తాను బాగానే ఉన్నట్టు తోస్తుంది. బ్రెత్ ఎనలైజర్ మాత్రం ఊపిరిలో ఉన్నదాన్నే కొలుస్తుంది, మనకు ఎలా ఉందో దానికి పట్టదు. పైగా గంటకు 15 అన్నది సగటు మాత్రమే. రోజూ బాగా తాగేవారిలో అది 25 దాటవచ్చు, నెమ్మదైన వారిలో 10 దగ్గరే ఉండవచ్చు, తనది ఎంతో ఎవరికీ ముందుగా తెలియదు. కనుక తేలికపాటి అంచనా కాకుండా భద్రమైన అంచనా కావాలనుకుంటే 10 పెట్టి లెక్కించాలి. హాఫ్ బాటిల్ తాగిన మన మనిషికి అలా చేస్తే 226కు 22 గంటల 36 నిమిషాలు వస్తుంది, అంటే అతను 30 హద్దుకు దిగేది మర్నాడు రాత్రి ఏడున్నర దాటాక.