అడ్మిన్ మెడకు సెక్షన్ 79 ఎందుకు చుట్టుకోదు

"ముఖ్య గమనిక: ఐటీ చట్టం సెక్షన్ 66ఏ ప్రకారం గ్రూపులో ఎవరు తప్పుడు పోస్టు పెట్టినా ఏ1 అడ్మినే. చట్టం దృష్టిలో అడ్మిన్ కూడా వాట్సాప్ లాగే మధ్యవర్తి. పోస్టు వెంటనే డిలీట్ చేస్తే కేసు ఉండదు. అన్ని గ్రూపులకు పంపండి."

వాట్సాప్‌లో తిరుగుతున్న ఈ మెసేజ్ చదివి మా బావ తన బత్తాయి రైతుల గ్రూపును మూసేశాడు. నల్లగొండ చుట్టుపక్కల ఊళ్ల రైతులు ఆ రోజు ధర ఎంత పలికింది, లారీ ఎవరిది దొరుకుతుంది అని అందులోనే అడిగి తెలుసుకునేవాళ్లు. "ఎవడో ఏదో పెడితే కోర్టుల సుట్టు నేను తిరగాల్నా బామ్మర్దీ" అన్నాడు. ఆయన టెన్షన్ నాకు అర్థమైంది. నేను కాలేజీలో ఐటీ చట్టమే చెబుతాను. మా విద్యార్థులు కూడా ఇదే మెసేజ్ క్లాసుకు తెచ్చారు.

ముందు 66ఏ సంగతి. ఆ సెక్షన్ ఇప్పుడు లేదు. శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న సుప్రీంకోర్టు దాన్ని పూర్తిగా కొట్టేసింది. "చికాకు", "అసౌకర్యం" లాంటి హద్దు లేని మాటలతో మనిషిని జైల్లో పెట్టడం భావప్రకటన హక్కుకు విరుద్ధమని చెప్పింది. ఆ తర్వాత కూడా కొన్నిచోట్ల పోలీసులు అదే సెక్షన్ రాస్తూ పోయారు. దాంతో ఆ సెక్షన్ కింద ఎవరినీ విచారించరాదని 2022 అక్టోబరులో కోర్టు మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది. పైగా అది అమల్లో ఉన్న రోజుల్లో కూడా మెసేజ్ "పంపిన" వ్యక్తికే శిక్ష. అడ్మిన్ అనే మాటే అందులో లేదు.

అసలు చిక్కు మెసేజ్‌లోని రెండో మాటలో ఉంది, అడ్మిన్ మధ్యవర్తి అన్న మాటలో. ఇతరుల రాతలకు మధ్యవర్తి బాధ్యత ఎంతో చెప్పేది సెక్షన్ 79. మధ్యవర్తి అంటే ఎవరో ఐటీ చట్టం సెక్షన్ 2 చెబుతుంది: ఒక ఎలక్ట్రానిక్ రికార్డును ఇంకొకరి తరఫున తీసుకునే, దాచిపెట్టే, చేరవేసే, లేదా దానికి సంబంధించిన సేవ ఇచ్చే వ్యక్తి. టెలికాం కంపెనీలు, వెబ్ హోస్టింగ్ కంపెనీలు, సెర్చ్ ఇంజన్లు, ఆన్‌లైన్ చెల్లింపు సైట్లు, సైబర్ కెఫేలు ఇందులోకి వస్తాయి. ఇప్పుడు గ్రూపును చూడండి. మీరు పెట్టిన మెసేజ్ అడ్మిన్ ఫోన్ గుండా మిగతా వాళ్లకు పోదు. కంపెనీ సర్వర్ల గుండా నేరుగా పోతుంది. అడ్మిన్ నిద్రపోతున్నా, ఆయన ఫోన్ స్విచాఫ్‌లో ఉన్నా అందరికీ చేరుతుంది. ఆయన మీ తరఫున దాన్ని తీసుకోలేదు, చేరవేయలేదు. 2021 ఐటీ నియమాల ప్రకారం మధ్యవర్తి తన షరతులను, ప్రైవసీ పాలసీని ప్రకటించాలి, ఫిర్యాదులు తీసుకునే అధికారిని పెట్టుకోవాలి. ఇవి సేవ నడిపే సంస్థను దృష్టిలో పెట్టుకుని రాసిన నియమాలు. బత్తాయి గ్రూపు నడిపే రైతు వీటిని పాటించాలని ఏ చట్టసభా అనుకోదు.

కేరళ హైకోర్టు 2022 ఫిబ్రవరిలో ఇదే చెప్పింది. ఒక గ్రూపులో ఒక సభ్యుడు పిల్లలకు సంబంధించిన అశ్లీల వీడియో పెట్టాడు. గ్రూపు పెట్టిన అడ్మిన్ మీద కూడా పోలీసులు కేసు పెట్టారు. అడ్మిన్ మధ్యవర్తి కాడని, అడ్మిన్‌కూ సభ్యుడికీ యజమాని, పనివాడు లాంటి సంబంధం లేదని, ఒకరి నేరానికి ఇంకొకరిని శిక్షించాలంటే చట్టంలో ఆ మాట స్పష్టంగా రాసి ఉండాలని చెప్పి ఆయన మీది కేసును కొట్టేసింది. అంతకు ముందు ఏడాది బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి కూడా ఇదే దారిలో పోయింది. అక్కడ అడ్మిన్ మీద ఫిర్యాదు ఏమిటంటే, ఒక మహిళను బూతులు తిట్టిన సభ్యుణ్ని ఆయన గ్రూపులోంచి తీసేయలేదని. ముందుగా కలిసి అనుకున్నట్టు ఆధారం లేనప్పుడు, తీసేయకపోవడం ఒక్కటే నేరం కాదంది కోర్టు.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఇవి వేరే రాష్ట్రాల హైకోర్టు తీర్పులు. మన తెలంగాణ కోర్టుల్లో చూపించవచ్చు, వాటికి బరువు ఉంటుంది, కానీ సుప్రీంకోర్టు తీర్పులాగా కట్టుబడి తీరాలని లేదు. ఇంకోటి, అడ్మిన్ చేతిలో మనుషులను చేర్చడం, తీసేయడం తప్ప పెద్దగా ఏమీ లేని రోజుల తీర్పులివి. సభ్యుల మెసేజ్‌ను అందరికీ డిలీట్ చేసే సదుపాయం అడ్మిన్లకు తర్వాత వచ్చింది. దీన్ని పట్టుకుని రేపు ఎవరైనా కొత్త వాదన చేయవచ్చు. నా అభిప్రాయంలో అది నిలవదు. తుడిచే వీలు ఉన్నంత మాత్రాన రాసిన చేయి ఆయనది అయిపోదు.

ఒక కేసు ఊహించుకుందాం. మిర్యాలగూడ వైపు 200 మంది రైతుల వడ్ల గ్రూపు. రాత్రి 11 గంటలకు ఒక సభ్యుడు పెట్టాడు: "ఫలానా మిల్లులో క్వింటాలుకు ఐదు కిలోల తరుగు తీస్తున్నరు, ఓనరు దొంగ." అది అబద్ధం. అడ్మిన్ తెల్లారి చూశాడు. మిల్లు ఓనరుకు కోపం వచ్చి స్టేషన్‌కు పోయాడు.

పరువునష్టం భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కిందికి వస్తుంది. ఇది పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ రాసే నేరం కాదు. ఓనరే మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు వేసుకోవాలి. ముద్దాయి ఆ మెసేజ్ రాసి పెట్టిన సభ్యుడు. అడ్మిన్ చూసి ఊరుకుంటే ఆయన మీద కేసు నిలబడటం కష్టం. అదే మెసేజ్‌ను ఆయన ఇంకో రైతు గ్రూపుకు ఫార్వర్డ్ చేస్తే సంగతి మారిపోతుంది. ఇప్పుడు ఆయనే ప్రచారం చేసినవాడు, అడ్మిన్ కాకపోయినా అంతే. ముందు రోజు ఆయన "నువ్వు పెట్టు, నేను చూసుకుంట" అని ఆ సభ్యుడికి విడిగా మెసేజ్ చేసి ఉంటే అది ప్రేరేపణ. పోలీసులైనా, లాయర్లైనా వెతకాల్సింది ఇలాంటి ఆధారాన్ని. పేరు పక్కన అడ్మిన్ అని ఉండటం ఆధారం కాదు.

ఇక డిలీట్ విషయం. ఈ మాట ఎక్కడి నుంచి పుట్టిందో నాకు తెలుస్తోంది. సెక్షన్ 79 మధ్యవర్తికి ఒక రక్షణ ఇస్తుంది: మెసేజ్‌ను మొదలుపెట్టనంత వరకు, ఎవరికి పోవాలో ఎంచనంత వరకు, అందులోని విషయాన్ని మార్చనంత వరకు, తగిన జాగ్రత్త తీసుకున్నంత వరకు, ఇతరుల రాతలకు కంపెనీ బాధ్యత లేదు. తొలగించాలని తెలిసిన తర్వాత కూడా తొలగించకపోతే ఆ రక్షణ పోతుంది. తెలియడమంటే ఎవరో ఫోన్ చేసి చెప్పడం కాదని, కోర్టు ఉత్తర్వు గానీ ప్రభుత్వ నోటిఫికేషన్ గానీ అందడమని శ్రేయా సింఘాల్ తీర్పే చెప్పింది. అంటే తొలగిస్తే రక్షణ అనేది కంపెనీ కోసం రాసిన మాట. రాసినవాడికి అది వర్తించదు. వడ్ల గ్రూపులో 40 మంది చదివేశాక ఆ సభ్యుడు డిలీట్ చేసినా, పరువు పోవడం అప్పటికే జరిగిపోయింది. శిక్ష వేసేటప్పుడు కోర్టు దాన్ని పరిగణించవచ్చు, అంతే.

అడ్మిన్ డిలీట్ చేయడం మంచిదే, ఇంకొంత మంది చదవకుండా ఆగుతుంది. కాకపోతే ముందు పంపినవారి నంబరు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, మెసేజ్ ఉన్న ఫోన్‌ను ఫార్మాట్ చేయకుండా ఉంచాలి. కోర్టులో ఎలక్ట్రానిక్ రికార్డుకు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ అడుగుతారు. అది లేని ఉత్త స్క్రీన్‌షాట్ బలహీనంగా ఉంటుంది.

పిల్లల అశ్లీల వీడియో వస్తే మాత్రం స్క్రీన్‌షాట్ కూడా తీయవద్దు. ఇక్కడ అడ్మినా, సభ్యుడా అన్న తేడా లేదు. అది ఎవరి ఫోన్లో నిలిచి ఉంటే వారి సమస్య. పోక్సో చట్టం 15వ సెక్షన్ అలాంటిది దాచుకుని, తీసేయకుండా, ఫిర్యాదు చేయకుండా ఉండటాన్ని నేరం చేస్తుంది. ఇతరులకు పంపే ఉద్దేశం ఉందా లేదా అన్నది ఆ ప్రవర్తనను బట్టే తేల్చవచ్చని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరులో చెప్పింది. కాబట్టి గ్యాలరీలో ఆటో డౌన్‌లోడ్ అయిన కాపీని కూడా తీసేయాలి, పంపిన నంబరు, సమయం కాగితం మీద రాసుకుని cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టాలి. పేరు చెప్పకుండానే పెట్టవచ్చు. "ఇదిగో చూడండి సార్" అని తెలిసిన కానిస్టేబుల్‌కు కూడా ఆ వీడియో ఫార్వర్డ్ చేయకూడదు.

ఇదంతా మా బావకు కూచోబెట్టి చెప్పాను. గ్రూపు మళ్లీ తెరిచాడు, ఆటో డౌన్‌లోడ్ ఆపేశాడు.