సవరణ: గ్లాసు పాలలో ప్రోటీన్, పిండి పదార్థం

“బాదంలో అంత ప్రోటీన్ ఉన్నప్పుడు, ఆవు పాలకు బదులు బాదం పాలు తాగితే సరిపోదా?”

సరిపోదు. ఆవు పాలను బాదం, సోయా, ఓట్ పాలతో పోల్చిన గత టపాకు ఈ సవరణను చేర్చి చదవగలరు. బాదం పప్పులో ప్రోటీన్ పుష్కలమే అయినా, ప్యాకెట్ బాదం పాలలో పప్పు తరచుగా రెండు మూడు శాతమే ఉంటుంది కాబట్టి, 240 మి.లీ. గ్లాసులో చేరేది ఐదారు గ్రాముల పప్పు, దాని నుంచి వచ్చేది సుమారు 1 గ్రాము ప్రోటీన్. అదే గ్లాసు ఆవు పాలలో దాదాపు 8 గ్రాములు, చక్కెర కలపని సోయా పాలలో 7 గ్రాముల వరకు ఉంటుంది. ప్రోటీన్ కోసమే మారేవారికి నా దృష్టిలో సోయా ఒక్కటే సరైన ప్రత్యామ్నాయం.

పిండి పదార్థం విషయంలో జాగ్రత్త పడవలసింది ఓట్ పాలతో. ఆవు పాలలో సుమారు 12 గ్రాములు, సోయాలో 4 గ్రాములు ఉంటే, ఓట్ పాలలో తరచుగా 15 గ్రాములు దాటుతుంది, ప్రోటీన్ మాత్రం 2 నుంచి 3 గ్రాములే. తయారీలో ఎంజైములు ఓట్స్‌లోని పిండిని మాల్టోజ్ అనే చక్కెరగా విడగొడతాయి కనుక, “చక్కెర కలపలేదు” అని ముద్రించిన ప్యాకెట్ కూడా మధుమేహం ఉన్నవారి రక్తంలో గ్లూకోజును పెంచగలదు. లేబుల్‌పై అంకెలు 100 మి.లీ.కి ఉంటే, వాటిని 2.4తో హెచ్చించి గ్లాసు లెక్క చూసుకోవాలి.