లోన్ తీరిన తేదీ ఏదో బ్యాంకు రాసివ్వాలి

మహారాష్ట్రలో బల్లార్షా, రాజురా, సిరొంచ వైపు మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో రిటైర్మెంట్ డబ్బులు రాగానే చేసే మొదటి పని హోమ్ లోన్ తీర్చేయడం. మంచిదే. కానీ డబ్బు కట్టేసి రసీదు జేబులో పెట్టుకుని వచ్చేస్తే లోన్ అయిపోయిందని అనుకుంటున్నారు, అక్కడే వస్తోంది చిక్కంతా. కాగితాలు ఎప్పుడిస్తారంటే బ్రాంచిలో "నాగ్‌పూర్ నుంచి రావాలి, రాగానే ఫోన్ చేస్తాం" అంటారు, ఆ ఫోన్ ఎప్పటికొస్తుందో ఎవరికీ తెలీదు.

దీనికి రూల్ ఉంది, చాలా గట్టి రూల్. రిజర్వ్ బ్యాంకు 2023 సెప్టెంబర్ 13న ఇచ్చిన ఆర్డర్ ప్రకారం లోన్ మొత్తం తీరిన 30 రోజుల్లోపు బ్యాంకు ఒరిజినల్ కాగితాలన్నీ తిరిగిచ్చేయాలి, రిజిస్ట్రీల్లో ఆస్తి మీద ఎక్కించిన చార్జ్, అంటే తాకట్టు నమోదు కూడా తీయించాలి. తన తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు మనకి కట్టాలి. 2023 డిసెంబర్ 1 నుంచి అమల్లో ఉంది, ప్రభుత్వ బ్యాంకులు, ప్రైవేటువి, గ్రామీణ బ్యాంకులు, కోఆపరేటివ్‌లు, ఫైనాన్స్ కంపెనీలు, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలు అన్నీ దీని కిందకే వస్తాయి. ఇల్లు, చదువు లాంటి సొంత అవసరాల లోన్‌లకి మాత్రమే ఇది, వ్యాపారానికో పంటకో తీసుకున్న అప్పుకి ఈ 5,000 లెక్క వర్తించదు. ఈ సంగతి కూడా ముందే తెలిసుండాలి, లేకపోతే పత్తి రైతు పంట లోన్ కాగితాల కోసం ఇదే రూల్ పట్టుకుని వెళ్ళి చిన్నబుచ్చుకుని వస్తాడు.

అయితే ఆ 30 రోజులు ఏ రోజు నుంచి లెక్కపెట్టాలి? మేం ఈ రోజు రాస్తున్నది దీని గురించే, ఎందుకంటే మిగతాదంతా దీని మీదే నిలబడి ఉంది.

ఒక లెక్క చూద్దాం. రాజురాలో ఒకాయనకి ఇంకా 4,05,000 అసలు బాకీ ఉంది అనుకోండి, వడ్డీ 9 శాతం. అంటే రోజుకి పడే వడ్డీ దాదాపు 100 రూపాయలు. ఆయన బ్రాంచికెళ్ళి లోన్ ముందే తీర్చేయడానికి ఎంత కట్టాలో చెప్పే ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ అడిగాడు, జనవరి 12 వరకు వడ్డీ కలిపి ఇంత కట్టాలని ఒక అంకె రాసిచ్చారు. ఈయన 12నే చెక్ ఇచ్చాడు. చెక్ క్లియరై లోన్ అకౌంట్లో పడేసరికి 14. మధ్యలో రెండు రోజుల వడ్డీ 200 రూపాయలు తక్కువ పడింది. ఎవరూ ఫోన్ చేయలేదు, ఈయనా అడగలేదు. లోన్ అకౌంట్ 200 రూపాయల బాకీతో అలాగే తెరిచి ఉంది. ఫిబ్రవరి 5న ఎప్పటిలాగే ఆటో డెబిట్‌లో 8,500 ఈఎమ్ఐ ఆయన సేవింగ్స్ అకౌంట్ నుంచి కట్ అయింది, అందులోంచి ఆ 200, దాని మీద పడిన కాస్త వడ్డీ సరిపెట్టుకుని మిగిలింది ఎక్కువగా జమైన డబ్బు కింద అక్కడే పడి ఉంది.

ఇప్పుడు కాగితాలు మార్చి 5న చేతికొచ్చాయి అనుకుందాం. లోన్ జనవరి 14న తీరినట్టయితే గడువు ఫిబ్రవరి 13తో అయిపోయింది, అంటే 20 రోజులు లేటు, ఆయనకి రావాల్సింది లక్ష రూపాయలు. అదే లోన్ తీరింది ఫిబ్రవరి 5న అని బ్యాంకు అంటే గడువు మార్చి 7 దాకా ఉన్నట్టు, లేటే లేదు, ఒక్క రూపాయి రాదు. 200 రూపాయల తేడా లక్ష రూపాయల హక్కుని తినేసింది. చూడ్డానికి చిన్న విషయమే, చాలామంది పట్టించుకోరు, కానీ ఇలాంటి చోటే మన జనం ఓడిపోతున్నారు.

అందుకే స్టేట్‌మెంట్ అడిగేటప్పుడే సరిగ్గా అడగాలి. నోటితో కాదు, కాగితం మీద రాసి రెండో కాపీ మీద బ్రాంచి ముద్ర, తేదీ వేయించుకోవాలి, లేదా మెయిల్ పెట్టాలి. ఏ తేదీ వరకు లెక్క కట్టారో, ఆ తేదీ దాటితే రోజుకి ఎంత వడ్డీ కలపాలో రెండూ స్టేట్‌మెంట్‌లో ఉండేలా చూసుకోండి. ఈఎమ్ఐ తేదీ దగ్గర్లో ఉంటే ఆ ఈఎమ్ఐ కలిపి లెక్కేశారా, తీసేసి లెక్కేశారా అని కూడా అడగండి. కట్టడం చెక్‌తో వద్దు, ఆర్టీజీఎస్ అయితే అదే రోజు పడుతుంది. తప్పక చెక్ ఇవ్వాల్సొస్తే రెండు మూడు రోజుల వడ్డీ ఎక్కువే కలిపి ఇచ్చి మిగిలింది వెనక్కి ఇమ్మని చెక్‌తో ఇచ్చే లెటర్‌లో రాయండి. ఆటో డెబిట్‌ని మాత్రం ముందే మనంతట మనం ఆపకూడదు, లోన్ తీరకముందే ఈఎమ్ఐ బౌన్స్ అయితే బౌన్స్ చార్జ్ పడి మళ్ళీ లెక్క మారిపోతుంది. అకౌంట్ సున్నా అయ్యాక మాండేట్ రద్దు చేయమని రాసివ్వాలి.

కట్టిన మర్నాడో ఆ పై రోజో లోన్ అకౌంట్ స్టేట్‌మెంట్ మళ్ళీ తీయించి చూడండి, బ్యాలెన్స్ సున్నా ఉండాలి. ఆ సున్నా పడిన తేదీయే మీ 30 రోజుల మొదలు.

ఇక చార్జీల సంగతి. స్టేట్‌మెంట్‌లో అసలు, వడ్డీ తర్వాత కింద చిన్న చిన్న గీతల్లో ఏముందో చదవండి, ఫోర్‌క్లోజర్ చార్జ్ అని ఒక అంకె ఉంటే ఆగండి. ఫ్లోటింగ్ వడ్డీ మీద మనిషి పేరున తీసుకున్న హోమ్ లోన్‌కి ఆ చార్జ్ ఉండకూడదు, ఇది ఇవాళ్టి రూల్ కాదు, బ్యాంకులకి 2012 నుంచీ ఉన్నదే. డబ్బు సొంతదైనా, ఇంకో బ్యాంకు లోన్ టేకోవర్ చేసినా తేడా లేదు. బ్యాంకు ఇచ్చిన ఫిక్స్‌డ్ వడ్డీ లోన్ అయితే అగ్రిమెంట్‌లో ఉన్నంత వరకు వేయొచ్చు. కొన్ని లోన్‌లు మొదటి కొన్నేళ్ళు ఫిక్స్‌డ్, తర్వాత ఫ్లోటింగ్ అవుతాయి కదా, 2026 జనవరి 1 తర్వాత మంజూరైన లేదా రెన్యూ అయిన వాటికి తీర్చే రోజున ఏ వడ్డీ నడుస్తోందో దాన్ని బట్టే చార్జ్ ఉంటుందా లేదా అన్నది తేలుతుంది, కాబట్టి ఒకట్రెండు నెలలు ఆగితే ఫ్లోటింగ్‌కి మారేవాళ్ళు ఆగడమే లాభమేమో లెక్కేసుకోవాలి. మిగతా చార్జీలు ఏవైనా సరే, ఏ క్లాజ్ కింద వేశారో రాసివ్వమనండి. రాసివ్వమనగానే కొన్ని మాయమవుతాయి.

మా జిల్లాల్లో పెద్ద బాధ ఇంకోటి ఉంది. కాగితాలు బ్రాంచిలో ఉండవు, ఎక్కడో నాగ్‌పూర్‌లోనో ముంబైలోనో గోడౌన్‌లో ఉంటాయి, వచ్చి తీసుకెళ్ళమంటారు. కాళ్ళ నొప్పులున్న పెద్దాయన బల్లార్షాలో పొద్దున్నే రైలెక్కి నాగ్‌పూర్ వెళ్ళి ఆ ఆఫీసు వెతుక్కుంటూ తిరగడం ఏం న్యాయం? లోన్ నడిచిన బ్రాంచిలో తీసుకోవాలా, కాగితాలున్న ఆఫీసులో తీసుకోవాలా అన్నది లోన్ తీసుకున్నవాళ్ళ ఇష్టం అని రిజర్వ్ బ్యాంకు ఆర్డర్‌లో స్పష్టంగా ఉంది. ఎంచుకునేది బ్యాంకు కాదు, మనం. "మాకు రాజురా బ్రాంచిలోనే కావాలి" అని లోన్ క్లోజ్ చేయమని మీరిచ్చే లెటర్‌లోనే ఒక వాక్యం రాసేయండి.

కాగితాలు ఇచ్చే రోజు బ్రాంచిలో సంతకం తొందర ఉంటుంది. "అన్నీ అందాయి" అని అచ్చేసిన ఫారం ముందు పెడతారు. సంతకం పెట్టకముందు లోన్ తీసుకున్నప్పుడు ఇచ్చిన కాగితాల లిస్ట్ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూడండి, ఒరిజినల్ ఇచ్చిన చోట జిరాక్స్ వచ్చిందా అని చూడండి. మహారాష్ట్రలో రిజిస్టరైన సేల్ డీడ్ ప్రతి పేజీ మీద ఒక చిన్న డబ్బా ముద్ర ఉంటుంది, అందులో డాక్యుమెంట్ నంబర్, సంవత్సరం, మొత్తం పేజీల్లో ఇది ఎన్నోది అని ఉంటాయి. 24 పేజీలుంటే ఒకటి నుంచి 24 దాకా వేలు పెట్టి లెక్కపెట్టండి. మరాఠీ చదవడం రానివాళ్ళు కూడా అంకెలు చూడగలరు, లేదంటే బడికెళ్ళే మనవడినో మనవరాలినో తోడు తీసుకెళ్ళండి. ఇండెక్స్ టూ, పాత లింక్ డాక్యుమెంట్లు, ఎన్ఏ ఆర్డర్, పాస్ చేయించిన ప్లాన్, మీరు ముందే ఇచ్చిన ఖాళీ చెక్కులు కూడా వెనక్కి రావాలి. ఏదైనా తక్కువైతే ఆ ఫారం మీదే "ఫలానాది అందలేదు" అని రాసి అప్పుడు సంతకం పెట్టండి. బ్యాంకు దగ్గర కాగితం పోయినా, పాడైనా సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోవడానికి సాయం చేసేది, ఖర్చు భరించేది బ్యాంకే. దానికి ఇంకో 30 రోజులు దొరుకుతాయి, అంటే రోజుకి 5,000 లెక్క 60 రోజుల తర్వాత మొదలవుతుంది.

బ్యాంకు ఇచ్చే క్లోజర్ లెటర్‌లో లోన్ నంబర్, తీరిన తేదీ, ఇక బాకీ ఏమీ లేదన్న మాట, ఆస్తి గట్ నంబర్‌తో సహా ఉండాలి. తాకట్టులు నమోదు చేసే కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్‌లో చార్జ్ తీయించాల్సింది బ్యాంకే, తీసేసినట్టు రుజువు అడిగి తీసుకోండి. దీంతో పాటు భూమి రికార్డు సాత్‌బారా సంగతి మర్చిపోతున్నారు. ఇతర హక్కుల కాలమ్‌లో బోజా, అంటే బ్యాంకు అప్పు భారం ఎక్కి ఉంటే లోన్ తీరినంత మాత్రాన అది దానంతటది పోదు, బోజా తగ్గించమని బ్యాంకు ఇచ్చిన లెటర్‌తో తలాఠీ దగ్గర అప్లికేషన్ పెట్టాలి, రికార్డులో ఆ మార్పు, అంటే ఫేర్‌ఫార్ మంజూరయ్యాక కొత్త సాత్‌బారా తీసి చూసుకోవాలి. పదేళ్ళ తర్వాత కూతురి పెళ్ళికి ప్లాట్ అమ్మబోతే ఆ పాత బోజా బయటపడి బేరం ఆగిపోయేది ఇందుకే. అప్పటికి బ్రాంచి పేరు మారి ఉంటుంది, ఎవరిని అడగాలో తెలీదు. అందుకే ఆ లెటర్ కూడా క్లోజర్ రోజే అడగండి.

బ్యాంకులకి మేం చెప్పేది ఇదే: ఈ జిల్లాల్లో ప్రతి బ్రాంచీ లోన్ సున్నా అయిన రోజే ఆ తేదీ వేసి ఒక లెటర్ ఇవ్వాలి, తక్కువ పడితే అదే రోజు ఫోన్ చేసి చెప్పాలి. మీ కంప్యూటర్‌లో ఆ 200 రూపాయలు కనపడుతూనే ఉన్నాయి. ఆలస్యమైతే ఎందుకో కారణం చెప్పాల్సిన బాధ్యత కూడా మీదేనని ఆ ఆర్డర్‌లోనే ఉంది, "రాగానే ఫోన్ చేస్తాం" అన్నది కారణం కాదు.

30 రోజులు దాటినా కాగితాలు రాకపోతే ఎన్ని రోజులు లేటో, రోజుకి 5,000 చొప్పున ఎంతవుతుందో అంకె వేసి బ్యాంకుకి రాతపూర్వకంగా కంప్లైంట్ ఇవ్వండి. ఇంకో 30 రోజులు చూసి జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి పెట్టొచ్చు, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. సున్నా బ్యాలెన్స్ చూపించే స్టేట్‌మెంట్, ముద్ర వేయించుకున్న మీ లెటర్ కాపీ, బ్యాంకుకి ఇచ్చిన కంప్లైంట్ కాపీ, ఈ మూడూ స్కాన్ చేసి దానికి జత చేయండి.