నాలుగేళ్ల పిల్లవాడికి 68 కిలోలు: నా కథపై తిరుగుతున్న విమర్శకు ఖండన

“నైట్ షిఫ్టులో డేటా ఎంట్రీ చేసే అమ్మాయి, రిపోర్టు వెళ్లడానికి పావుగంట ముందు కాలమ్ జరిగిపోయిందని కనిపెట్టేస్తుందట. కథకు బాగుంది కానీ ఇలా జరగదు. ఒకటి, కాలమ్ జరిగితే టోటల్ తేలిపోతుంది. రెండు, అంత పెద్ద తప్పును సాఫ్ట్‌వేరే పట్టేస్తుంది. మూడు, రెండుసార్లు ఎంట్రీ చేసి సరిచూశాక చివరి నిమిషంలో తప్పెలా వస్తుంది? నాలుగు, ఒక్క గడి అటూ ఇటూ అయితే కొంపలేం మునగవు. పని తెలియనివాళ్లు రాస్తే ఇలాగే ఉంటుంది.”

ఆ కథ రాసింది నేనే. రాయడానికి ముందు ఆరేళ్లపాటు హైదరాబాదులో రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు అదే పని చేశాను. కథలో సరిత కూర్చున్న కుర్చీ లాంటి కుర్చీలోనే కూర్చున్నాను కనుక, అభ్యంతరాలను అవి వచ్చిన వరుసలోనే తీసుకుంటాను.

మొదట టోటల్ సంగతి. కథలో ఉన్నది ఒక వైద్య శిబిరం తాలూకు 412 కాగితపు ఫారాలు. షీటులో మొదటి వరుస శీర్షికలది కనుక డేటా రెండో వరుస నుంచి 413వ వరుస వరకు ఉంటుంది. A కాలమ్‌లో ఫారం నంబరు, Bలో వయసు, Cలో బరువు. 137వ ఫారం 71 ఏళ్ల పెద్దావిడది. ఆమె నిలబడలేకపోవడంతో శిబిరంలో బరువు తూయలేదు, ఫారంలో ఆ చోట అడ్డగీత గీశారు. ఎంట్రీ చేసినవాళ్లు నియమం ప్రకారం ఆ గడిని ఖాళీగా వదిలారు. క్లయింటు పంపిన టెంప్లేటు ఖాళీ గడులను ఒప్పుకోదు. ఫైలు తిరిగి రావడంతో ఒక సహోద్యోగి ఆ ఖాళీ గడిమీద కర్సర్ పెట్టి, కంట్రోల్ కీతో మైనస్ నొక్కి, వచ్చిన చిన్న పెట్టెలో `Shift cells up` అన్నదానికి సరే అన్నాడు. ఆ ఒక్క నొక్కుతో 138వ ఫారం నుంచి కిందనున్న బరువులన్నీ ఒక్కో గడి పైకి జరిగాయి. వయసులు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. ఆ భాగాన్ని ఇక్కడ చూపిస్తున్నాను.

```
ఫారం   వయసు   అసలు బరువు   జరిగాక
136     34       61          61
137     71       --          14
138      4       14          68
139     52       68          55
140     29       55          19
141      6       19          63
142     44       63          ...
```

ఇప్పుడు మొత్తాన్ని చూడండి. తీసేసిన గడిలో అంకె లేదు, మిగిలిన అంకెల్లో ఒక్కటీ పోలేదు, ఒక్కటీ కొత్తగా రాలేదు. అందువల్ల `=SUM(C2:C413)` ముందు ఎంత చూపిందో తరువాతా అంతే చూపుతుంది. `=COUNT(C2:C413)` ఖాళీలను లెక్కపెట్టదు కనుక ముందూ 411, తరువాతా 411. సగటు, అత్యధికం, అత్యల్పం కూడా మారవు. మొత్తం అనేది గడుల్లో ఏముందో చెబుతుంది తప్ప, ఏ గడి ఎవరిదో చెప్పదు. అంకె తప్పు కొట్టినప్పుడు టోటల్ తేలుతుంది, నిజమే. అంకె సరిగానే ఉండి మనిషి మారినప్పుడు తేలదు. కథలో టీమ్ లీడర్ కూడా మీరన్న మాటే అంటాడు. నేను విన్న మాటను ఉన్నదున్నట్టు రాశాను.

“టోటల్ సరిపోయింది కదమ్మా, పంపెయ్.”

“సరిపోయింది అన్నా. కానీ 138 చూడు, నాలుగేళ్ల బాబుకి 68 కిలోలుంది. దాని పైన ముసలావిడకి 14. నేను కొట్టినప్పుడు ఆమె గడి ఖాళీగానే వదిలాను, గీత ఉండింది.”

సరిత పట్టుకున్నది ఇందులో చివరి ముక్కతో. 68 అన్న అంకె ఆమె చూపును ఆపింది. అంతవరకు ఎవరైనా అది ఒక్క గడిలో జరిగిన కీపొరపాటు అనుకొని 138వ ఫారం తీసి 14 కొట్టి ఊరుకోవచ్చు. అలా చేసి ఉంటే కింద రెండు వందలకు పైగా ఉన్న తప్పులు అలాగే వెళ్లిపోయేవి. కానీ ఆమెకు పైగడిలో ఉండవలసిన ఖాళీ గుర్తుంది, అది కనిపించలేదు. వెంటనే ఆమె B కాలమ్‌లో ఒకసారి, C కాలమ్‌లో ఒకసారి కంట్రోల్ కీతో కింది బాణం నొక్కింది. వయసుల్లో కర్సర్ 413వ వరుసకు వెళ్లి ఆగింది. బరువుల్లో 412వ వరుసలోనే ఆగిపోయింది. అసలు షీటులో అయితే బరువుల కాలమ్‌లో ఆ ఖాళీకి పైనున్న గడి దగ్గరే, అంటే 137వ వరుసలోనే ఆగవలసింది. నడుమ ఉండవలసిన ఖాళీ అడుక్కు చేరిందంటే కాలమ్ జరిగిందనే అర్థం. దీనికి అర నిమిషం కూడా పట్టదు.

రెండో అభ్యంతరానికి జవాబు ఇంకొంచెం జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. సాఫ్ట్‌వేర్ పట్టగలదు, పట్టమని ఎవరైనా ముందే రాసి ఉంటే. సాధారణంగా పెట్టేది ఒక్కో కాలమ్‌కు హద్దు: బరువు 2 కిలోల కంటే తక్కువ, 150 కంటే ఎక్కువ ఉండకూడదు అని. పై పట్టికలో జరిగిన అంకెలన్నీ 14, 68, 55, 19, 63. ఒక్కటీ హద్దు దాటలేదు. 68 అనేది మంచి బరువే, కాకపోతే నాలుగేళ్ల పిల్లవాడిది కాదు. అది తెలియాలంటే రెండు కాలమ్‌లను కలిపి చూసే నియమం కావాలి, ఉదాహరణకు ఇలాంటిది:

```
=OR(AND(B2<=6,C2>35),AND(B2>=18,C2<25))
```

ఆరేళ్లు, అంతకు లోపు వారికి 35 కిలోలు మించినా, పెద్దవారికి 25కు తగ్గినా ఇది TRUE చూపుతుంది. నేను పనిచేసిన చోట ఇలాంటి నియమం మాకు ఇచ్చిన ఏ టెంప్లేటులోనూ చూడలేదు. ఇది ఉన్నా అన్నీ దొరకవు. 139వ ఫారంలోని 52 ఏళ్ల మనిషికి 68 బదులు 55 వచ్చింది, దాన్ని ఏ నియమమూ అనుమానించదు. అదే శిబిరానికి అందరూ పెద్దవాళ్లే వచ్చి ఉంటే ఈ సూత్రం మౌనంగా ఉండేది, సరిత కళ్లకూ ఏమీ ఆనేది కాదు. కథలో పిల్లలను పెట్టడానికి కారణం అదే. వయసూ బరువూ పక్కపక్కన ఉండి, రెంటి మధ్యా ఎవరికైనా తెలిసిన సంబంధం ఉన్నచోటే చూపు పనిచేస్తుంది.

“రెండుసార్లు ఎంట్రీ చేశాక” అన్న ప్రశ్న, ఈ పనిని బయటినుంచి చూసినవారికి సహజంగానే వస్తుంది. డబుల్ ఎంట్రీ అంటే ఒకే ఫారాన్ని ఇద్దరు ఒకరిది ఒకరు చూడకుండా కొట్టడం. రెండూ కలవని చోట స్క్రీన్ ఆగుతుంది, మూడో మనిషి కాగితం చూసి తేలుస్తారు. కీపొరపాట్లకు దీనిని మించిన మందు నాకు తెలియదు. కానీ అది కాపలా కాసేది కాగితానికీ కీబోర్డుకూ మధ్యనున్న దారిని మాత్రమే. కథలో ఆ పని రాత్రి ఒంటిగంటకే పూర్తయింది. ఫైళ్లను కలిపింది మూడింటికి, ఖాళీ గడిని తీసేసింది నాలుగు దాటాక, రిపోర్టు వెళ్లవలసింది అయిదింటికి. సరిచూడటం ముగిశాక ఫైలును ముట్టుకున్న చెయ్యి చేసిన తప్పును, ముందే ముగిసిన సరిచూపు ఎలా పట్టుకుంటుంది? ఆఖరి నిమిషాన్ని నేను ఉత్కంఠ కోసం తెచ్చిపెట్టలేదు. కలపడం, వరుస మార్చడం, టెంప్లేటులో అతికించడం వంటి పనులన్నీ చివరనే ఉంటాయి కనుక కాలమ్‌లు జరిగేదీ చివరనే. ఒక్క కాలమ్‌ను మాత్రమే ఎంచుకొని సార్ట్ చేసినా ఇదే జరుగుతుంది. కామాలతో గడులను విడదీసే ఫైళ్లలో చిరునామాలోని కామా వల్ల గడులు పక్కకు నెట్టుకుపోవడం కూడా ఫైలును తెరిచేటప్పుడే తప్ప కొట్టేటప్పుడు కాదు.

నాలుగో మాట నన్ను ఎక్కువగా బాధించింది. అదే షీటులో 290వ ఫారం అయిదేళ్ల పాపది, బరువు 11 కిలోలు. ఆ వయసు పిల్లలు సుమారు 18 కిలోలుంటారు, 11 అంటే తీవ్రంగా తక్కువ బరువు. ఆ శిబిరం రిపోర్టులో అసలు పని, ఇలాంటి పిల్లల పేర్లను ఆసుపత్రికి పంపే జాబితాలో చేర్చడం. గడులు పైకి జరగడంతో ఆ పాప ఎదురుగా 291వ ఫారంలోని 17 కిలోలు వచ్చింది. ఆమె 11 కిలోలు 289వ ఫారంలోని 47 ఏళ్ల మనిషికి చేరాయి, ఆయన పిల్లల జాబితాలోకి రాడు. సగటు మారలేదు, టోటల్ మారలేదు, జాబితాలోంచి ఒక పాప మాత్రం లేచిపోయింది. పైకి చూస్తే ఆమె వరుసలో తప్పున్నట్టే కనిపించదు.

కథ కనుక కల్పించానంటారేమో. డ్యూక్ విశ్వవిద్యాలయం నుంచి 2006లో ఒక పరిశోధన వచ్చింది. కణితిలోని జన్యువుల తీరును బట్టి ఏ క్యాన్సర్ మందు పనిచేస్తుందో ముందే చెప్పవచ్చని అది ప్రకటించింది. హ్యూస్టన్‌లోని ఎం.డి. యాండర్సన్ క్యాన్సర్ కేంద్రంలో పనిచేసిన గణాంక నిపుణులు కీత్ బ్యాగర్లీ, కెవిన్ కూంబ్స్ ఆ డేటాను మళ్లీ లెక్కించి చూశారు. వారు 2009లో ప్రచురించిన పత్రంలో చూపిన లోపాల్లో ఒకటి, జన్యువుల జాబితాలు ఒక్క వరుస జరిగిపోవడం. అంటే అంకె ఒక జన్యువుది, పేరు దాని పక్కదానిది. ఆ డ్యూక్ పరిశోధనపై ఆధారపడి రోగులతో మొదలైన ప్రయోగాలను 2010లో ఆపవలసి వచ్చింది. జెఫ్రీ చాంగ్ అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో సొంతంగా వాడుకున్న ప్రోగ్రామ్ రెండు కాలమ్‌లను తారుమారు చేసింది. దాంతో ప్రోటీన్ల ఆకృతులు తప్పుగా వచ్చాయి, 2006లో అది బయటపడ్డాక 5 పరిశోధన పత్రాలను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. నిపుణులు చదివి ఆమోదించిన పత్రాలవి. ఒక్క గడి తేడాను “అటూ ఇటూ” అనడానికి నాకు మనసొప్పదు.

ఒక సవరణను మాత్రం ఒప్పుకుంటాను. కథలో సరిత చకచకా సరిచేసేసినట్టు రాశాను, నిజానికి అది అంత తొందరగా కాదు. జరిగిన కాలమ్‌ను `Shift cells down`తో కిందికి నెట్టినంత మాత్రాన పని అయిపోదు, మరెక్కడైనా ఇంకో ఖాళీని ఎవరో తీసేసి ఉండవచ్చు. ఈ కథకు ఆధారమైన రాత్రి మేము చేసినది ఇదీ: ముందు కలిపినప్పటి ఫైలును వేరుగా తెరిచి, ఫారం నంబరును బట్టి బరువును తెచ్చుకొని రెంటినీ పోల్చాం. తరువాత కట్టలోంచి పైన పది, నడుమ పది, అడుగున పది కాగితాలు తీసి, ఒకరు చదువుతుంటే ఇంకొకరు స్క్రీన్ మీద వేలు పెట్టి చూశారు. ఖాళీ గడి ఎందుకు ఖాళీగా ఉందో క్లయింటుకు మెయిల్ రాశాం. ఆ రోజు రిపోర్టు అయిదింటికి వెళ్లలేదు. ఆరూ ఇరవైకి వెళ్లింది, ఆ పెద్దావిడ బరువు గడి ఖాళీగానే ఉంది.