తేలిక ఇంగ్లీషు రాయడం నేరమా?

ఇప్పుడే తమ్ముడు ఫోన్ చేశాడు. గొంతు వణుకుతోంది. వారం రోజులు కూర్చుని రాసిన ఇంగ్లీషు వ్యాసం మీద ఏఐ డిటెక్టర్ '82 శాతం మెషీన్ రాసింది' అని తేల్చిందట. సార్ వ్యాసం చదవనే లేదు, ఆ అంకె చూసి సున్నా వేశారు. వాడు రాస్తుంటే నేను పక్కనే ఉన్నాను!

అసలు ఆ డిటెక్టర్ ఏం చూస్తుందో ఆయనకు తెలుసా? చాలా డిటెక్టర్లు తర్వాతి పదాన్ని ఎంత సులువుగా ఊహించవచ్చో లెక్కేస్తాయి. ఆ కొలతను పర్‌ప్లెక్సిటీ అంటారు, ఊహించడం ఎంత సులువైతే అది అంత తక్కువ. ఊహకు అందే పదాలే వరుసగా వస్తే మెషీన్ రాసిందని అనుమానిస్తాయి. ఇంగ్లీషు పరాయి భాష అయినవాళ్లు రాసేది అలాగే కదా! తెలిసిన పదాలే వాడతాం, తప్పు దొర్లకూడదని చిన్న వాక్యాలు రాస్తాం.

2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇదే పరీక్షించారు. టోఫెల్ కోసం మనుషులు రాసిన 91 వ్యాసాలను 7 డిటెక్టర్లకు ఇచ్చారు. సగటున 60 శాతానికి పైగా వ్యాసాలను మెషీన్ రాతలన్నాయి. 91లో 89 వ్యాసాలను కనీసం ఒక్క డిటెక్టరైనా పట్టుకుంది. అమెరికాలో ఎనిమిదో తరగతి పిల్లల వ్యాసాల దగ్గర మాత్రం దాదాపు తప్పే చేయలేదు. ఇంకా ఒళ్లు మండే సంగతి ఉంది. ఆ టోఫెల్ వ్యాసాల్లో పదాలను చాట్‌జీపీటీతోనే మెరుగుపరిస్తే తప్పుడు ముద్రలు బాగా తగ్గిపోయాయి. అంటే సొంతంగా రాసినవాడు దొరికిపోతాడు, మెషీన్‌తో మెరుగులు దిద్దించుకున్నవాడు తప్పించుకుంటాడు.

'తప్పులు ఒక్క శాతమేనండీ' అంటారు డిటెక్టర్లు అమ్మేవాళ్లు. అమెరికాలోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ ఆ ఒక్క శాతాన్నే లెక్కేసింది. ఏడాదికి 75,000 పేపర్లయితే 750 పేపర్ల మీద తప్పుడు ముద్ర. 2023 ఆగస్టులో తాను వాడుతున్న డిటెక్టర్‌ను ఆపేసింది. ఆ 750 ముద్రలు కూడా అందరి మీదా సమానంగా పడవు, మా తమ్ముడిలాంటి వాళ్ల మీదే ఎక్కువ పడతాయి.

నాకు స్కూలు రోజులు గుర్తొచ్చి ఇంకా మండుతోంది. కాస్త కొత్తగా ఒక్క వాక్యం రాస్తే ఎర్ర పెన్నుతో కొట్టేసేవారు. 'నేర్పిన పదాలే రాయి, సొంత తెలివి వద్దు' అనేవారు. ఏళ్ల తరబడి మమ్మల్ని అలా ఒక మూసలో పోసి, ఇప్పుడు మూసలో ఉన్నావని సున్నా వేస్తారా?

డిటెక్టర్ అంకె ఒక్కటే చూసి శిక్ష వేయడం ఆపండి. వాడి తీరాలంటే ముందు మీ విద్యార్థులు చాట్‌జీపీటీ రాకముందు, అంటే 2022 నవంబరుకు ముందు, రాసిన పాత వ్యాసాలను అందులో వేసి చూడండి. ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్లవి, కానివాళ్లవి విడివిడిగా లెక్కపెట్టండి. అనుమానముంటే డాక్యుమెంట్ వెర్షన్ హిస్టరీ అడగండి. పది నిమిషాలు ఎదురుగా కూర్చోబెట్టి వ్యాసంలోని వాదన ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పమనండి.

తమ్ముడి దగ్గర డ్రాఫ్టులన్నీ ఉన్నాయి. వాటిని ఎవరికి చూపించాలో చెప్పే మనిషే ఇంకా దొరకలేదు.