జీతం, బోనస్, ఓటు: ఒక వాట్సాప్ సందేశానికి జవాబు

“పెద్ద కంపెనీల బాసుల జీతాల మీద వాటాదారుల ఓటు వట్టి నాటకం. ప్రమోటరు ఎంత రాసుకుంటే అంత. ఒకసారి జేబులో పడ్డ బోనస్ వెనక్కి రాదు. అసలు ఎంత తీసుకుంటున్నారో మనకు తెలిసే దారే లేదు.”

పోయిన వారం విజయవాడలో మా ఉదయపు నడక మిత్రుల గ్రూపులోకి వచ్చిన ఈ సందేశాన్ని సాయంత్రానికల్లా గుంటూరు బ్రాడీపేట నుంచి మా బావగారు కూడా పంపి, “నువ్వు కంపెనీ సెక్రటరీవి కదా, ఇది నిజమేనా?” అని అడిగారు. కొన్ని కంపెనీల సమావేశాల్లో ఓట్ల లెక్కింపును స్క్రూటినైజర్‌గా చూసినవాణ్ణి కాబట్టి, నాకు తెలిసినంతవరకు ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

మొదటి రెండు మాటలకూ జవాబు ఒకే లెక్కలో ఉంది. సాధారణ తీర్మానం నెగ్గడానికి అనుకూలంగా పడిన ఓట్లు వ్యతిరేక ఓట్లకంటే ఎక్కువైతే చాలు. ప్రత్యేక తీర్మానానికి మాత్రం అనుకూల ఓట్లు వ్యతిరేక ఓట్లకు కనీసం మూడు రెట్లు, అంటే పోలైన ఓట్లలో 75 శాతం ఉండాలి. 2013 కంపెనీల చట్టం 197వ సెక్షన్ ప్రకారం ఒక మేనేజింగ్ డైరెక్టరుకు నికర లాభంలో 5 శాతం దాటి ఇవ్వాలంటే ప్రత్యేక తీర్మానం కావాలి. డైరెక్టర్లందరి జీతాలూ కలిపి 11 శాతం దాటడానికైతే 2018 సెప్టెంబరు వరకు కేంద్ర ప్రభుత్వ అనుమతి కూడా అవసరమయ్యేది. దాన్ని తీసేసి నిర్ణయాన్ని వాటాదారులకే వదిలారు. లిస్టెడ్ కంపెనీలో ప్రమోటరే, అంటే కంపెనీని తన అదుపులో ఉంచుకున్న యజమానే, ఎగ్జిక్యూటివ్ డైరెక్టరుగా ఉంటే స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ మరో గీత గీసింది: ఏడాది జీతం 5 కోట్ల రూపాయలు, లేదా నికర లాభంలో 2.5 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాన్ని దాటినప్పుడు ప్రత్యేక తీర్మానం తప్పదు. 2019 ఏప్రిల్ నుంచి ఇది అమల్లో ఉంది.

ఈ గీత వట్టిది కాదని 2021 ఆగస్టులో ఐషర్ మోటార్స్ వాటాదారులు చూపించారు. ప్రమోటరు సిద్ధార్థ లాల్‌ను మళ్లీ ఐదేళ్లకు మేనేజింగ్ డైరెక్టరుగా నియమించడం, ఆయన జీతం రెండూ కలిపి ఒకే ప్రత్యేక తీర్మానంగా పెట్టారు. అనుకూలంగా సుమారు 73 శాతం ఓట్లు పడ్డాయి. అయినా 75 అందలేదు కాబట్టి తీర్మానం వీగిపోయింది. ప్రమోటర్ల చేతిలో సగానికి దగ్గరగా వాటా ఉన్న కంపెనీలో జరిగిన సంగతి ఇది. ఆ తర్వాత బోర్డు జీతం గరిష్ఠ పరిమితిని లాభంలో 3 శాతం నుంచి 1.5 శాతానికి తగ్గించి మళ్లీ వాటాదారుల ముందుకు వెళ్లాకే ఆమోదం దక్కింది. 2018లో అపోలో టైర్స్‌లో మేనేజింగ్ డైరెక్టరు నీరజ్ కన్వర్ పునర్నియామకమూ ఇలాగే ఆగింది, అక్కడా జీతం తగ్గించుకున్న తర్వాతే ఓటు దాటింది.

ఇదెలా సాధ్యమో వంద వాటాల చిన్న కంపెనీని ఊహించుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. ప్రమోటరు చేతిలో 49, మిగతావారి చేతిలో 51 ఉన్నాయనీ, ఆ 51లో 35 మాత్రమే ఓటు వేశాయనీ అనుకుందాం. మొత్తం పోలైనవి 84, అందులో నాలుగో వంతు 21. వ్యతిరేకంగా 22 పడితే చాలు, ప్రమోటరు తన 49 ఓట్లూ వేసుకున్నా తీర్మానం పోతుంది. తన జీతం మీద తానే ఓటు వేసుకోవచ్చా అని చాలామంది ఆశ్చర్యపోతారు; వేసుకోవచ్చు. కంపెనీకీ దాని సొంతవాళ్లకూ మధ్య జరిగే సంబంధిత పక్షాల లావాదేవీల్లో సెబీ దాన్ని అడ్డుకుంటుంది, జీతం విషయంలో అడ్డుకోదు. నా దృష్టిలో ఇది చట్టంలోని లోపమే.

ఆ లోపం బలం చూపేది ప్రమోటరు వాటా పెరిగినప్పుడు. ఆయన చేతిలో 70 ఉండి, మిగతా 30లో 20 మాత్రమే ఓటు వేస్తే, మొత్తం 90లో నాలుగో వంతు 22న్నర. ఆ 20 ఓట్లూ ఒక్కటై వ్యతిరేకించినా తీర్మానం ఆగదు. వాటా 75కి చేరితే మిగతావాళ్లంతా ఒక్కరూ తప్పకుండా వచ్చినా ప్రయోజనం లేదు, ఎందుకంటే 75 సరిగ్గా 25కి మూడు రెట్లు. అలాంటి కంపెనీల విషయంలో ఆ సందేశం చెప్పింది నిజమేనని ఒప్పుకుంటాను. మీ కంపెనీ ఏ రకమో తెలుసుకోవడానికి, సమావేశం ముగిసిన రెండు పని దినాల్లో స్టాక్ ఎక్స్ఛేంజీ వెబ్‌సైటులో పెట్టే ఓటింగు ఫలితాల పట్టిక చూడండి. ప్రమోటర్లు, ప్రజా సంస్థాగత మదుపరులు, ఇతర ప్రజలు అని మూడు వరుసలుంటాయి. మొత్తం వరుసలో 90 శాతం అనుకూలమని ఉన్నా, సంస్థాగత వరుసలో సగానికి సగం వ్యతిరేకమైతే మ్యూచువల్ ఫండ్ల లాంటి సంస్థల ఓట్లలో సగం ఆ జీతాన్ని ఒప్పుకోలేదని అర్థం. 2022 ఏప్రిల్ నుంచి ఫండ్లు ప్రతి తీర్మానం మీదా ఓటు వేసి తీరాలి కాబట్టి ఆ వరుస ఖాళీగా ఉండదు.

మూడో మాట చాలావరకు నిజం, అయితే సందేశం అనుకున్న కారణం వేరు. కంపెనీల చట్టం 199వ సెక్షన్ ప్రకారం మోసం వల్లో, నిబంధనల ఉల్లంఘన వల్లో కంపెనీ తన లెక్కలను తిరిగి రాయాల్సి వస్తే, పాత లెక్కల ఆధారంగా ఎండీ, సీఈఓ లాంటివారు అదనంగా పొందిన మొత్తాన్ని, స్టాక్ ఆప్షన్లతో సహా, రాబట్టాలి. పదవి దిగిపోయినవారిని కూడా వదలకూడదు. కానీ లెక్కలు సరిగ్గానే ఉండి, ఆ ఏడాది లాభం చూపించిన వ్యాపారం మూడేళ్లకు కుప్పకూలితే ఈ సెక్షన్ అక్కరకు రాదు. పైగా ఇచ్చేశాక రాబట్టడం కోర్టుల పని. ఐసీఐసీఐ బ్యాంకు బోర్డు 2019 జనవరిలో, 2009 ఏప్రిల్ నుంచి 2018 మార్చి వరకు మాజీ సీఈఓ చందా కొచ్చర్‌కు చెల్లించిన బోనస్‌లన్నీ వెనక్కి తీసుకోవాలని నిర్ణయించగా వ్యవహారం కోర్టులకెక్కింది.

అందుకే రిజర్వు బ్యాంకు ప్రైవేటు బ్యాంకుల విషయంలో తెలివైన దారి పట్టింది: ముందే చేతికివ్వకుండా ఆపడం. 2020 ఏప్రిల్ నుంచి అమలైన నియమాల్లో సీఈఓ పనితీరు చెల్లింపులో కనీసం 60 శాతాన్ని మూడేళ్లకు తగ్గకుండా వాయిదా వేయాలి. ఉదాహరణకు ఆ చెల్లింపు 3 కోట్లయితే, 1.8 కోట్లు బ్యాంకు దగ్గరే ఉంటాయి. ఈలోగా మొండి బాకీలు దాచిన సంగతి బయటపడితే ఆ వాయిదా వేసిన సొమ్మును ఇవ్వకుండా రద్దు చేయవచ్చు. అప్పుడు కోర్టుకు వెళ్లాల్సిన అవసరం బ్యాంకుకు కాదు, ఆ అధికారికి.

నాలుగో మాట మాత్రం పూర్తిగా తప్పు. లిస్టెడ్ కంపెనీ వార్షిక నివేదికలో బోర్డు నివేదికకు అనుబంధంగా ప్రతి డైరెక్టరు జీతం, ఉద్యోగుల మధ్యస్థ జీతానికి ఎన్ని రెట్లో రాయాలి. మధ్యస్థం అంటే సగటు కాదు, జీతాలను వరుసగా పేర్చితే నడిమిన నిలిచే మొత్తం. అయితే చాలా కంపెనీలు కాంట్రాక్టు కార్మికులను కలపకుండా పర్మనెంటు ఉద్యోగులనే లెక్కిస్తాయి కాబట్టి నిష్పత్తి కొంత అందంగా కనిపిస్తుంది, అది చూసుకోవాలి. జీతంలో మొదటి పదిమంది పేర్లు, ఏడాదికి 1 కోటి 2 లక్షలకు తగ్గకుండా తీసుకునేవారి వివరాలు నివేదికతో పాటు అందరికీ రాకపోవచ్చు. కానీ వాటాదారు రాసి అడిగితే కంపెనీ ఇవ్వాల్సిందే.

బావగారు తన పేర 40 వాటాలున్న ఒక కంపెనీకి మొన్న ఆ మెయిలు రాశారు. కంపెనీ సెక్రటరీ పేరు, చిరునామా నివేదికలోనే ఉన్నాయి. జవాబు కోసం ఎదురుచూస్తూ ఉండగా నోటీసులో ఇ-ఓటింగు గడువు కూడా ఆయన కంట పడింది: సమావేశానికి ముందురోజు సాయంత్రం 5 గంటలు.